కూతురి పెళ్లికి జీపీఎఫ్ పార్ట్ ఫైనల్: దరఖాస్తు ఇలా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2004 సెప్టెంబరు 1కి ముందు ప్రభుత్వ కొలువులో చేరినవారికి జీతంలోంచి ప్రతి నెలా జీపీఎఫ్ కోత పడుతుంది. ఆ డబ్బు మనదే. అయినా సర్వీసులో ఉండగా తీసుకోవాలంటే అధికారి మంజూరు చేయాలి. ఆయన చూసేది రెండు విషయాలు: ఖర్చు నిబంధనల్లో చెప్పినదేనా, అడిగిన మొత్తానికి ఖాతాలో సరిపడా నిల్వ ఉందా. దరఖాస్తు ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పాలి.

ముందుగా ఏది అడుగుతున్నామో తేల్చుకోవాలి. తాత్కాలిక అడ్వాన్సు తీసుకుంటే వాయిదాల్లో జీతం నుంచి తిరిగి కట్టాలి. పార్ట్ ఫైనల్ తీసుకుంటే తిరిగి కట్టనక్కర్లేదు, ఆ మేరకు నిల్వ తగ్గిపోతుంది. అందుకే దీనికి షరతు ఎక్కువ. పిల్లల పెళ్లి, పై చదువు, వైద్యం వంటి అవసరాలకైతే 20 ఏళ్ల సర్వీసు పూర్తయి ఉండాలి, లేదా రిటైర్మెంటుకు పదేళ్ల లోపు ఉండాలి. మామూలుగా ఇచ్చేది ఆరు నెలల మూల వేతనం, ఖాతా నిల్వలో సగం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

ఒక ఉదాహరణ చూద్దాం. 24 ఏళ్ల సర్వీసున్న ఒక ఉపాధ్యాయురాలు కూతురి పెళ్లి కోసం అక్టోబరులో దరఖాస్తు చేస్తున్నారు. మూల వేతనం రూ.80,000. మార్చి 31 నాటి స్లిప్పులో నిల్వ రూ.9,20,000. చాలామంది ఈ అంకెనే పట్టుకుని లెక్క వేస్తారు. కానీ ఆ తర్వాత జరిగినవి కూడా కలపాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు రూ.8,000 చొప్పున చందా రూ.48,000. జూన్‌లో ఆమె రూ.80,000 తాత్కాలిక అడ్వాన్సు తీసుకున్నారు. అందులో మూడు వాయిదాలు, రూ.12,000, తిరిగి కట్టారు. చందా, వాయిదాలు కలిపి, అడ్వాన్సు తీసేస్తే నిల్వ రూ.9,00,000. అందులో సగం రూ.4,50,000. ఆరు నెలల వేతనం రూ.4,80,000. కాబట్టి ఆమె అడగదగినది నాలుగున్నర లక్షలు. అంతకన్నా ఎక్కువ కావాలంటే పరిమితి ఎందుకు సడలించాలో దరఖాస్తులోనే రాయాలి.

కారణం రాసేటప్పుడు ‘కుటుంబ అవసరాల నిమిత్తం’ అంటే చాలదు. ‘నా పెద్ద కుమార్తె వివాహం ఫలానా తేదీన నిశ్చయమైనందున, ఆ ఖర్చుల నిమిత్తం నా జీపీఎఫ్ ఖాతా నుంచి రూ.4,50,000 పార్ట్ ఫైనల్‌గా మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను’ అని రాస్తే అధికారి మళ్లీ ప్రశ్న వేయనక్కర్లేదు. నిర్ణీత నమూనా దరఖాస్తుతో పాటు తాజా స్లిప్పు, ఆ తర్వాతి చందాలు, అడ్వాన్సుల పట్టిక, శుభలేఖ జతచేయాలి. చదువుకైతే ప్రవేశ పత్రం, కాలేజీ ఇచ్చిన ఫీజు వివరం, వైద్యానికైతే డాక్టరు ధ్రువపత్రం పెట్టాలి. పత్రంలోని పిల్లల పేరు, సర్వీసు రిజిస్టరులోని కుటుంబ వివరాల్లో ఉన్న పేరు ఒకటేనా అని ముందే సరిచూసుకోవాలి.

ఎక్కువ ఫైళ్లు ఆగేది మిస్సింగ్ క్రెడిట్ల దగ్గర. జీతంలో కోత పడినా కొన్ని నెలల చందా ఏజీ కార్యాలయం లెక్కలోకి ఎక్కదు. జిల్లా పరిషత్ ఉపాధ్యాయులకైతే ఖాతా ఉండేది జిల్లా పరిషత్‌లోనే, అక్కడా ఇదే చిక్కు రావచ్చు. స్లిప్పును పే స్లిప్పుల పక్కన పెట్టి పన్నెండు నెలలూ టిక్కు పెట్టుకుంటూ పోతే లోటు తెలిసిపోతుంది. అలాంటి నెలలకు ట్రెజరీ వోచరు నంబరు, తేదీతో డీడీవో ధ్రువీకరణ తీసుకుని ఖాతా చూసే కార్యాలయానికి పంపాలి. దీనికి సమయం పడుతుంది. పెళ్లి ముహూర్తం పెట్టాక కాదు, సంబంధాలు చూస్తున్నప్పుడే మొదలుపెట్టడం మేలు.

మంజూరు ప్రొసీడింగ్స్ చేతికొచ్చినా డబ్బు వచ్చినట్టు కాదు. డీడీవో బిల్లు పెట్టాలి, ట్రెజరీలో పాసవ్వాలి. అందుకే బిల్లు నంబరు అడిగి రాసుకోవాలి. ప్రొసీడింగ్స్ నకలు దాచుకుని, వచ్చే ఏడాది స్లిప్పులో ఈ మొత్తం ఒక్కసారే తగ్గిందో లేదో చూసుకోవాలి. తగ్గకపోతే సంతోషించి ఊరుకోవద్దు. లేని నిల్వను ఉందనుకుని తర్వాత ఎక్కువ తీసుకుంటే రిటైర్మెంటు నాటికి ఖాతా మైనస్‌లో పడుతుంది, ఆ సొమ్ము వడ్డీతో సహా మన నుంచే రాబడతారు.