వంగడమా, వంగకుండా నిలవడమా?

పెనుగొండ చుట్టుపక్కల మాసూళ్లప్పుడు ధాన్యం బస్తాను కుడి భుజాన మోసే మనిషిని గమనించండి. బరువు ఒంటిని కుడివైపు వంచబోతుంది, ఎడమ పక్క కండరాలు బిగిసి ఆపుతాయి. నడుము కండరాలకు వంచడమే కాదు, వంగకుండా నిలపడమూ పనే. క్రంచ్‌లు ఎన్ని తీసినా ముఖ్యంగా ముందుకు వంచే కండరాలకే సాధన. పక్కల బలానికి సైడ్ ప్లాంక్ కావాలి: మోచేయి సరిగ్గా భుజం కింద ఆనించి, మొదట మోకాళ్ల మీద, కుదిరాక పాదాల మీద నడుము ఎత్తాలి.

కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం పంది వెన్నుపూసలను బరువు కింద, క్రంచ్‌లో వంగినట్టే, వేలసార్లు వంచితే మధ్య డిస్కులు దెబ్బతిన్నాయి. అవి ప్రాణంలేని ఎముకలు కదా అంటారు. నిజమే, బతికున్న శరీరం కోలుకుంటుంది, కాబట్టి క్రంచ్ విషమేమీ కాదు. అయినా పక్కల బలం దానితో రాదన్న మాట మారదు. మరి ప్లాంక్‌లో ఐదు నిమిషాలు ఉండాలా? అక్కర్లేదు. మెక్‌గిల్ చెప్పేది పది సెకన్లే, కాస్త ఆగి మళ్లీ. నడుము కిందికి జారినా, ఊపిరి బిగబట్టినా ఆ విడత అక్కడితో ఆపేయాలి. ఎడమ, కుడి పక్కల్లో ఏది ముందు అలసిపోతుందో చూడండి, దాంతోనే మొదలుపెట్టండి.