వారంలో పగలు, రాత్రి డ్యూటీలు మారే శ్రామికుల నిద్ర, భోజన వేళలు: భీమవరం రొయ్యల పరిశ్రమ నేపథ్యం

వ్యాససంగ్రహం: భీమవరం ప్రాంతంలోని రొయ్యల పరిశ్రమలో ఒకే వారంలో పగటి డ్యూటీ, రాత్రి డ్యూటీ రెండూ చేయవలసివచ్చే కార్మికుడు నిద్రను, భోజనాన్ని ఎలా అమర్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. మూడు రాత్రుల కోసం శరీరపు గడియారాన్ని తిప్పే ప్రయత్నం చేయకుండా, భోజన వేళలను పగటికే కట్టి ఉంచి, నిద్రను మాత్రమే రెండు భాగాలుగా జరుపుకోవడం మేలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: రాత్రి డ్యూటీ, జీవగడియారం, పగటి నిద్ర, భోజన వేళలు, రొయ్యల పరిశ్రమ, భీమవరం.

1. తెల్లవారుజాము

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి. పగలు నీటిలోని సూక్ష్మ వృక్షజాలం ఎండ సాయంతో ప్రాణవాయువును తయారుచేస్తుంది. చీకటి పడగానే ఆ తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. అందువల్ల నీటిలో ప్రాణవాయువు గంటగంటకూ తగ్గుతూ, తెల్లవారబోయే ముందు కనిష్ఠానికి చేరుతుంది. ఏరేటరు ఆగిపోయినా ఎవరూ గమనించకపోతే ఎక్కువ నష్టం జరిగేది ఆ వేళలోనే.

కాపలా మనిషి శరీరం కూడా సరిగ్గా ఆ వేళకే మందగిస్తుంది. రాత్రి నిద్రపోయే అలవాటున్న మనిషి శరీర ఉష్ణోగ్రత, మామూలుగా లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు అతితక్కువగా ఉంటుంది. చురుకుదనం కూడా దానితోపాటే పడిపోతుంది. చెరువు, కాపరి ఒకే జాములో బలహీనపడటం ఈ వృత్తిలోని అసలు చిక్కు. చెరువు నుంచి పట్టిన సరుకు మంచులో శుద్ధి కర్మాగారానికి చేరాక అక్కడి శీతల యంత్రాల దగ్గర ఉండే ఆపరేటరుకూ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. యంత్రం రీడింగును గంటకోసారి పుస్తకంలో రాయాలి. మూడు గంటల రీడింగు, నాలుగు గంటల రీడింగు ఒకే కలంతో, ఒకే వరుసలో, తేడా లేని అంకెలతో కనిపిస్తే ఆ మధ్య గంటలో ఏం జరిగిందో పర్యవేక్షకుడు ఊహించుకోవచ్చు.

2. గడియారం ఎందుకు తిరగదు

నిద్రను రెండు శక్తులు నడుపుతాయని అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించాడు. మేల్కొని ఉన్నకొద్దీ పేరుకుపోయే నిద్రభారం మొదటిది. మెదడులోని జీవగడియారం రెండవది. రాత్రి డ్యూటీ ముగించి వచ్చిన మనిషిలో నిద్రభారం నిండుగా ఉంటుంది, కాని గడియారం అప్పటికే ‘పగలైంది’ అని లేపుతూ ఉంటుంది. అందుకే ఎంత అలసిపోయి పడుకున్నా నాలుగైదు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. దీన్ని చాలామంది నిద్ర పట్టని జబ్బుగా భావిస్తారు. నిజానికి అది ఆరోగ్యంగా ఉన్న గడియారం తన పని తాను చేస్తున్న లక్షణం.

ఈ గడియారాన్ని జరిపే ప్రధాన సాధనం వెలుతురు. శరీర ఉష్ణోగ్రత కనిష్ఠానికి చేరకముందు పడే వెలుతురు గడియారాన్ని వెనక్కి, అంటే ఆలస్యానికి, నెడుతుంది. ఆ తరువాత పడే వెలుతురు ముందుకు లాగుతుంది. అనుకూల పరిస్థితుల్లో సైతం రోజుకు ఒకటి రెండు గంటలకు మించి అది కదలదు. పగటి మనిషి పూర్తిగా రాత్రి మనిషిగా మారాలంటే వారానికి పైగా పడుతుంది. పైగా ఉదయం ఆరు గంటలకు ఇంటికి వెళ్లే దారిలో డెల్టా పొలాల మీద పడే ఎండ, రాత్రి యంత్రాల గదిలో పడ్డ దీపకాంతి కంటే ఎన్నో రెట్లు బలమైనది. రాత్రంతా దీపం నెట్టినదాన్ని ఎండ ఒక్కసారిగా వెనక్కి తెచ్చేస్తుంది.

శాశ్వతంగా రాత్రి పనిచేసేవారికి గడియారాన్ని కొంత జరుపుకొమ్మని చెప్పడంలో అర్థముంది. మూడు రాత్రుల తరువాత మళ్లీ పగటి డ్యూటీకి రావలసినవారికి అదే సలహా ఇవ్వడం పొరపాటు. గడియారం సగం జరిగేసరికి వారం ముగుస్తుంది, సోమవారం మళ్లీ వెనక్కి జరపాలి.

3. ఒక వారం

ఒక నమూనాను పరిశీలించవచ్చు. ఆపరేటరుకు సోమ, మంగళ, బుధవారాల్లో ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు డ్యూటీ. గురు, శుక్ర, శనివారాల్లో రాత్రి 10 నుంచి మరునాటి ఉదయం 6 వరకు. ఆదివారం సెలవు. సోమవారం మళ్లీ ఉదయం 6కి హాజరు.

బుధవారం రాత్రి అతడు మామూలుగానే పడుకోవాలి. ‘రేపు ఎలాగూ రాత్రి డ్యూటీయే కదా’ అని ఆ రాత్రి ఆలస్యంగా మేల్కొంటే, అప్పుతో ప్రయాణం మొదలుపెట్టినట్లే. గురువారం ఉదయం నాలుగున్నరకు లేవకుండా ఆరున్నర, ఏడు దాకా నిద్రపోవచ్చు. ముఖ్యమైనది మధ్యాహ్నపు నిద్ర. భోజనమయ్యాక రెండున్నర ప్రాంతంలో పడుకుంటే గంటన్నర, రెండు గంటలు సులభంగా పడుతుంది. చాలామంది ఆ సమయాన్ని పనులకు వాడుకుని సాయంత్రం ఏడింటికి పడుకుందామనుకుంటారు. అప్పుడు నిద్ర రాదు. మామూలు నిద్రవేళకు ముందుండే రెండు మూడు గంటలు జీవగడియారం మనిషిని అన్నిటికంటే గట్టిగా మేల్కొలిపి ఉంచే సమయం. పక్క మీద దొర్లి, విసిగి, అలాగే డ్యూటీకి వెళ్లడమే మిగులుతుంది.

డ్యూటీలో టీ మొదటి సగానికే పరిమితం కావాలి. శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కనుక నాలుగు గంటలకు తాగిన టీ ఉదయం తొమ్మిదికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. రెండు దాటాక టీ మానివేసి, తోటి ఆపరేటరు యంత్రం దగ్గర ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు కన్ను మూయడం దానికంటే మంచి ఉపాయం. అరగంట మించితే గాఢనిద్రలోంచి లేవవలసివచ్చి, ఆ మత్తు వదలడానికి మరికొంత సమయం పడుతుంది. ఆ సమయంలో రీడింగు తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

ఇంటికి చేరాక ఏడున్నర నుంచి పన్నెండు వరకు మొదటి నిద్ర, సాయంత్రం మూడున్నర నుంచి ఐదున్నర వరకు రెండవ నిద్ర. మొత్తం ఆరున్నర గంటలు. ఒకే విడతలో ఏడెనిమిది గంటలు పగలు పడుకోవాలని పట్టుబట్టేవారికి చివరికి దక్కేది తరచుగా ఐదు గంటలే. వేసవిలో ఈ విభజనకు మరో ప్రయోజనం ఉంది. నిద్ర పట్టాలంటే శరీరం వేడిని బయటికి వదలాలి. రేకుల కప్పు కింద మిట్టమధ్యాహ్నం అది జరగదు. పన్నెండింటికి లేవడం వల్ల ఆ ఉడుకు వేళను మెలకువతో దాటవచ్చు.

4. అన్నం ఎప్పుడు తినాలి

రాత్రి డ్యూటీలో ఒంటిగంటకు తోటివారితో కలిసి క్యారేజీ విప్పి నిండుగా అన్నం తినడం అలవాటైన పద్ధతి. శరీరం మాత్రం ఆ వేళ అన్నానికి సిద్ధంగా ఉండదు. అదే అన్నం పగలు తిన్నప్పటి కంటే రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువ పెంచుతుంది. 2021లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వెలువడిన ఒక ప్రయోగంలో పంతొమ్మిది మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో రాత్రి డ్యూటీని పోలిన దినచర్యలో ఉంచారు. రాత్రి కూడా భోజనం చేసినవారిలో సగటు గ్లూకోజు 6.4 శాతం పెరిగింది. భోజనాలన్నీ పగలే చేసినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. నిద్రవేళలు రెండు బృందాలకూ ఒక్కటే. నిద్రను కదిలించక తప్పకపోయినా, భోజనాన్ని కదిలించనక్కరలేదని ఈ ఫలితం సూచిస్తున్నది. ప్రయోగంలో పాల్గొన్నది కొద్దిమంది యువకులేననీ, వారు బరువులు మోసే పని చేయలేదనీ గుర్తుంచుకోవాలి.

నమూనాలోని ఆపరేటరుకు దీన్ని అన్వయిస్తే, వారమంతా రెండు భోజనాలు కదలవు. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర ప్రాంతంలో, రాత్రి భోజనం డ్యూటీకి ముందు ఎనిమిదికి. పగటి డ్యూటీ రోజుల్లో రాత్రి భోజనం కాస్త ముందుకు జరుగుతుంది, అంతే. అర్ధరాత్రి ఆకలేస్తే ఒక అరటిపండు, గ్లాసుడు మజ్జిగ, గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు చాలు. బిర్యానీ పొట్లం ఆ వేళకు తగదు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను దించే మాత్రలు గాని వాడేవారు మాత్రం ఇలా రాత్రి భోజనాన్ని తగ్గించే ముందు వైద్యుణ్ణి అడిగి మోతాదు సరిచేయించుకోవాలి. లేకపోతే నాలుగు గంటల ప్రాంతంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. దాన్ని నిద్రమత్తుగా పొరబడటం సులభం.

ఉదయం పడుకోబోయే ముందు తినాలా వద్దా అన్న ప్రశ్నకు వాగ్భటుడి అష్టాంగహృదయంలో ఆసక్తికరమైన సమాధానం ఉంది. సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆయన పగటి నిద్రను సాధారణంగా నిషేధిస్తూనే, అలవాటు లేని జాగరణ చేసినవాడు మేల్కొన్న కాలంలో సగం మేర ఉదయం, భోజనం చేయకుండా నిద్రపోవాలంటాడు. ఎనిమిది గంటల డ్యూటీకి నాలుగు గంటలు! పైన చెప్పిన మొదటి నిద్ర కూడా ఇంచుమించు అంతే. ఖాళీ కడుపు సంగతిలో మాత్రం కొంత సడలింపు అవసరం. ఎనిమిదింటికి తిన్న మనిషి ఉదయం వరకు యంత్రాల మధ్య తిరిగి ఏమీ తినకుండా పడుకుంటే ఆకలే పదింటికి లేపుతుంది. రెండు ఇడ్లీలు తిని పడుకోవడం మధ్యేమార్గం. పూరీ, మినప గారెల వంటి నూనె పలహారం తిని వెంటనే వాలితే ఛాతీలో మంట తప్పదు.

5. ఆదివారం

వారం మొత్తంలో తరచుగా దెబ్బతినే రోజు ఇదే. ఆదివారం ఉదయం ఆరింటికి ఇంటికొచ్చిన మనిషి ‘సెలవే కదా’ అని మధ్యాహ్నం రెండింటి దాకా నిద్రపోతాడు. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర రాదు. మూడున్నర గంటల నిద్రతో సోమవారం పగటి డ్యూటీకి వెళతాడు. ఆ మత్తు మంగళవారం దాకా వదలదు.

దీనికి ఉపాయం కొంచెం కఠినమైనదే. ఆదివారం ఉదయం రెండు, రెండున్నర గంటలు మాత్రమే పడుకుని, పది గంటలకు బలవంతంగానైనా లేవాలి. వెలుతురులో తిరగాలి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలకు మించి నడుము వాల్చకూడదు. అప్పుడు నిద్రభారం నిలువ ఉండి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి నిద్ర ముంచుకొస్తుంది. ఆ పగలు మోటారుసైకిలు నడపకపోవడం మంచిది. శనివారం డ్యూటీ దిగి ఇంటికెళ్లేటప్పుడు కూడా అంతే. కళ్లు ఒక్క క్షణం మూతపడి, దారిలో కొంత దూరం గుర్తులేదనిపిస్తే బండి ఆపి పక్కన ఇరవై నిమిషాలు పడుకోవాలి. ముఖం కడుక్కున్నంత మాత్రాన ఆ స్థితి పోదు.

ఇక్కడ చట్టపు లెక్క ఒకటి గమనించదగినది. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 57వ సెక్షన్ ప్రకారం, అర్ధరాత్రి దాటే షిఫ్టులో పనిచేసేవారికి సెలవుదినం అంటే షిఫ్టు ముగిసినప్పటి నుంచి వరుసగా 24 గంటలు. ఆదివారం ఉదయం 6 నుంచి సోమవారం ఉదయం 6 వరకు లెక్క సరిపోయింది. కాగితం మీద అది పూర్తి సెలవు. శరీరానికి మాత్రం అందులో దక్కేది ఒక్క రాత్రి, అదీ నాలుగున్నరకు లేవవలసిన రాత్రి. షిఫ్టుల పట్టికలో రాత్రి డ్యూటీ తరువాత పగటి డ్యూటీకి బదులు మధ్యాహ్నం 2 గంటల డ్యూటీని పెడితే, యాజమాన్యానికి అదనపు మనిషి అవసరం లేకుండానే కార్మికుడికి మరో పూర్తి ఉదయం నిద్ర దొరుకుతుంది. వ్యక్తి పాటించే ఏ నియమం కంటే పట్టికలోని ఈ చిన్న మార్పు ఎక్కువ ఫలితమిస్తుంది.

పైన చెప్పిన వేళలన్నీ ఒక విషయాన్ని నిశ్శబ్దంగా ఊహించుకున్నాయి: పన్నెండింటికి లేచేసరికి వంట సిద్ధంగా ఉంటుందని. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సుకో, తెల్లవారుజామున ముగిసే మరే పని నుంచో వచ్చే గృహిణికో ఆ వెసులుబాటు ఉండదు. పిల్లల్ని బడికి పంపాక తొమ్మిదింటికి పడుకుని, పదకొండింటికి పొయ్యి వెలిగించవలసిన స్త్రీకి మొదటి నిద్ర రెండు గంటలకు కుదించుకుపోతుంది. ఆమె విషయంలో సాయంత్రపు రెండవ నిద్రను మూడు గంటలకు పెంచి, ఆ పూట వంటను ఇంట్లో మరొకరు చేపట్టడమొక్కటే ఆ లోటును కొంతవరకైనా పూడ్చగలదు.