ల్యాప్‌టాప్‌కి ఆర్నెల్ల సెలవు!

మార్చిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లి సెప్టెంబరులో తిరిగొచ్చే అమ్మానాన్నలు ఇంటికి తాళం వేసేముందు గ్యాసు కట్టేస్తారు, ఫ్రిజ్ ఖాళీ చేస్తారు. ల్యాప్‌టాప్‌ని మాత్రం ఫుల్‌గా ఛార్జింగ్ చేసి మరీ బీరువాలో పెడతారు. చిక్కంతా అక్కడే!

లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉండి, దానికి ఎండాకాలం వేడి తోడైతే, లోపలి రసాయనాలు త్వరగా పాడై సామర్థ్యం తగ్గిపోతుంది. తగ్గింది మళ్లీ తిరిగిరాదు. అలాగని ఖాళీగానూ ఉంచకూడదు. వాడకపోయినా ఛార్జింగ్ కొద్దికొద్దిగా దిగుతూ అడుగంటితే, ఆ బ్యాటరీ మళ్లీ ఛార్జ్ కాకపోవచ్చు. అందుకే 50 శాతం దగ్గర ఆపి, స్లీప్‌లో ఉంచకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. ఛార్జర్ తీసేయండి.

పాత మోడళ్లలో లాగా బ్యాటరీ చేత్తోనే ఊడి వచ్చేదైతే, తీసి విడిగా పొడిచోట పెట్టండి. లోపలే బిగించి ఉంటే మాత్రం విప్పకండి.

ఎక్కడ పెట్టాలి? ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటని చోటు మేలు. పై అంతస్తులో శ్లాబు కిందుండే అటక మే నెలలో కాగిపోతుంది. దానికన్నా కింది గదిలోని చెక్క అల్మరా నయం. ఫ్రిజ్‌లో పెడితే తేమ చేరుతుంది. ఆరు నెలలు దాటేట్టుంటే, మధ్యలో ఒకసారి మళ్లీ సగానికి ఛార్జ్ చేయమని బంధువులకు చెప్పండి.

తిరిగొచ్చాక టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బినట్టే. ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.