చుక్క చేపలేదు

హైదరాబాద్‌లో ఏడేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రాజీనామా ఇచ్చి తెనాలి పక్కన మా ఊళ్లో పాక వేసి, ఐదు ముర్రా గేదెలు కొన్నాను. మొదటి నెల రోజూ రాత్రి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. అందులో చుక్క అనే గేదె గురించి రాసినవే ఎక్కువ.

1వ రోజు

రోహ్‌తక్ నుంచి నాలుగు రోజులు నడిచిన లారీ తెల్లవారుజామున వచ్చింది. అక్కడ బేరమాడిన సాయంత్రం ఒక్కో గేదె నా కళ్లముందే ఏడు లీటర్లు ఇచ్చింది. ఇక్కడ పొద్దున ఐదూ కలిపి తొమ్మిది లీటర్లు. నొసట తెల్లమచ్చ ఉన్న చుక్క అయితే అర లీటరు కూడా ఇవ్వలేదు. ప్రయాణ బడలికలే అనుకున్నాను.

3వ రోజు

బడలిక సగం నిజం. మిగతా సగం మా వీధి చివర ఉండే పెద్దమ్మ చెప్పింది. నలభై ఏళ్లుగా గేదెలు పితికిన మనిషి.

"ఎన్ని పూటలు పితికించి చూశావు నాయనా?"

"ఒక పూట, పెద్దమ్మా."

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అమ్మేవాడు ముందు పూట పాలు తీయకుండా ఆపేస్తే పొదుగు కుండలా కనిపిస్తుంది, రెండు పూటల పాలు ఒకే బకెట్‌లో పడతాయి. అందుకే ముందు రోజు సాయంత్రం దగ్గరుండి పొదుగు పూర్తిగా ఖాళీ చేయించాలి. ఆ తర్వాత వరుసగా పొద్దున, సాయంత్రం కొలిస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. ఒక్క రాత్రి లాడ్జి ఖర్చు మిగుల్చుకుని నేను చేసిన నిర్వాకం ఇది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. చుక్క దూడ మగది. లారీలో చోటు వృథా అని వ్యాపారి అంటే నేనూ తలూపి అక్కడే వదిలేసి వచ్చాను.

5వ రోజు

చుక్క పొదుగు నిండుగానే ఉంది. చన్ను పడితే నాలుగు చుక్కలు, అంతే. పాలు లేక కాదు, చేపడం లేదు.

చేపడం అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. లోపల ఏం జరుగుతుందో పశువైద్యుడు చెబితేగానీ తెలియలేదు. పొదుగులో పాలు రెండు చోట్ల ఉంటాయట. చన్నుకు పైనే ఉన్న చిన్న తొట్టిలో కొన్ని, దానిపైన ద్రాక్షగుత్తుల్లాంటి సన్నటి తిత్తుల్లో మిగతావి. ఆవుకు తొట్టిలో ఐదో వంతు దాకా ఉంటాయి కాబట్టి చేపకపోయినా కాసిని రాలుతాయి. గేదెకు తొట్టిలో ఉండేవి నూటికి ఐదు పాళ్లే. మిగతా తొంభై ఐదు పాళ్లు తిత్తుల్లోంచి దిగాలంటే దూడ మూతి తగలాలి, లేదా పొదుగును నిమరాలి. అప్పుడు మెదడు కింది గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. అది తిత్తులను పిండితేనే పాలు కిందికి దిగుతాయి. ఆవు నిమిషంలోపే చేపుతుంది. గేదెకు రెండు మూడు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు కూడా పడుతుంది. నేనేమో అర నిమిషం చూసి చన్ను లాగేస్తున్నాను.

పశువు బెదిరితే ఆడ్రినలిన్ వచ్చి ఆ పని మొత్తాన్ని ఆపేస్తుంది. నా పాకలో ఏం జరుగుతోందో అప్పుడు గుర్తొచ్చింది. గొట్టంతో పొదుగు మీద చన్నీళ్లు కొట్టడం, పూటకో మనిషి పితకడం, చూడవచ్చిన చుట్టాలు, మధ్యలో నేను ఫోన్ పట్టుకుని వీడియో. నేనైనా చేపను.

6వ రోజు

ఒకాయన చిన్న సీసా తెచ్చి ఇచ్చాడు. ఎవరో రాయను. సూది వేసిన రెండు నిమిషాల్లో చుక్క నాలుగున్నర లీటర్లు ఇచ్చింది. నాకు పండగే.

9వ రోజు

పండగ అయిపోయింది. ఈ పొద్దున సూది వేయకుండా కూర్చుంటే చుక్క ఒక్క చుక్క వదల్లేదు. పైగా సూది చేతిలో చూసిందంటే పక్కకు తిరిగి తంతోంది. ఆ సీసాలో ఉన్నదీ ఆక్సిటోసినే. బయటి నుంచి రోజూ ఇస్తూ పోతే పశువు దానికే అలవాటు పడి, తనంతట తాను చేపడం మానేస్తుంది. పాల కోసం ఇలా సూది వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని కూడా వైద్యుడు గట్టిగానే చెప్పాడు. సీసా గోతిలో పడేశాను. సాయంత్రం పాలు పావు లీటరు.

10వ రోజు

పెద్దమ్మను బతిమాలి రెండు పూటలా రమ్మన్నాను. ఆమె మొదటి షరతు నన్ను పాకలోంచి బయటికి పొమ్మనడం. రెండోది, చుక్కను కట్టే చోటు, పితికే వేళ, పితికే చెయ్యి మారకూడదు. ముందు తొట్టిలో తవుడు, పత్తి చెక్క కలిపిన దాణా పెట్టింది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో పొదుగు తుడిచి, అరచేత్తో నిమురుతూ కూర్చుంది. నేను చాటున గడియారం చూశాను. ఎనిమిది నిమిషాలు. వచ్చింది ముప్పావు లీటరే అయినా సూది లేకుండా వచ్చింది.

13వ రోజు

మిగతా నాలుగు గేదెలకు దూడలున్నాయి, చేపుతున్నాయి. ఇప్పుడు పూటకు పదిహేడు, పద్దెనిమిది లీటర్లు పోస్తున్నాం. అయినా పాల కేంద్రంలో ఫ్యాట్ 5.2 దాటడం లేదు. ముర్రాకు 7 రావాలి. మా కేంద్రం కిలో వెన్నకు 800 రూపాయల లెక్కన కడుతుంది. 5.2 అయితే లీటరుకు 41 రూపాయల 60 పైసలు, 7 అయితే 56 రూపాయలు. రోజుకు ముప్పై అయిదు లీటర్ల మీద దగ్గర దగ్గర 500 పోతోంది. మెషీన్ తప్పని కేంద్రంలో గొడవపడి వచ్చాను.

తప్పు మెషీన్‌ది కాదు. పితకడం ముగిసీ ముగియకముందే దూడలను వదిలేస్తున్నాను, పాపం కడుపారా తాగనీ అని. మొదట దిగే పాలు పలచన. వెన్న తిత్తులకు అంటుకుని ఉండి చివరికి దిగుతుంది. ఆఖరి పాలలో ఫ్యాట్ మొదటి పాలకు ఎన్నో రెట్లు ఉంటుంది.

"వెన్న దూడలకు పెట్టి, నీళ్లు కేంద్రానికి పోస్తున్నావు నాయనా."

ఆ రోజు నుంచి దూడను ముందు ఒక నిమిషం వదిలి, తల్లి చేపగానే లాగి దాని ముఖం దగ్గరే కడుతున్నాం. తల్లి దాన్ని నాకుతూ నిలబడుతుంది. చివరి ధార దాకా పితికి, దూడకు దాని బరువులో పదో వంతు పాలు రోజు మొత్తం మీద కొలిచి తాగిస్తున్నాం. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. మూడో రోజుకు ఫ్యాట్ 6.6.

19వ రోజు

చుక్క వెనక కుడి చన్ను వేడిగా, గట్టిగా ఉంది. ఇన్నాళ్లు పొదుగులో నిలవ ఉండిపోయిన పాల ఫలితం. నల్లగుడ్డ మీద మొదటి ధారలు పిండి చూస్తే విరిగిన పాలలా తునకలు కనిపించాయి. పొదుగువాపు. రోజూ అన్నిటికీ ఇలా చూసి ఉంటే రెండు రోజుల ముందే దొరికేది. మందు వేస్తున్నన్నాళ్లు, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన గడువు దాకా చుక్క పాలన్నీ పారబోయాలి. నాలుగు చన్నులవీ. చన్ను రంధ్రం పితికాక అరగంట దాకా పూర్తిగా మూసుకోదట. పేడలో పడుకోకుండా, పితకగానే పచ్చిమేత వేసి నిలబెడుతున్నాం.

30వ రోజు

ఐదూ కలిపి రోజుకు నలభై నాలుగు లీటర్లు. బేరమాడిన రోజు నేను వేసుకున్న లెక్క డెబ్బై. ఆ డెబ్బై ఇక రాదు. ఫ్యాట్ 6.8. చుక్క పూటకు నాలుగు లీటర్లు ఇస్తోంది, చేపడానికి మూడు నిమిషాలు చాలు.

రేపు పెద్దమ్మ మనవరాలి పెళ్లికి వెళ్తోంది, రెండు రోజులు రాదు. ఆమె కట్టి విడిచిన చీర ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నాలుగున్నరకు లేవాలి. నాన్న చూడకముందే కట్టుకుని పాకలోకి వెళ్లాలి.