అమ్మ డైరీలో సున్నాలు

అమ్మ డైరీ రాసేదని నాకు తెలియదు. పోయిన తర్వాత ఆమె ట్రంకు పెట్టెను మా నాయన అటక మీదికి ఎక్కించాడు. ఇంటర్ చదివే రోజుల్లో, నాయన పొలం పోయిన వేళ, నేనే దాన్ని కిందికి దించాను. కలరా ఉండల వాసన కొట్టే పట్టుచీర కింద, ఏదో ఎరువుల కొట్టువాళ్ళు పంచిన 1991 డైరీ ఉంది. అప్పట్నుంచి నాయన ఇంట్లో లేని పూటల్లో రోజూ కొన్ని పేజీలు చదివి, మళ్ళీ చీర కిందే పెట్టేసేదాన్ని.

మొదటి పేజీల్లో అన్నీ అక్షరాలే, ఒక్కోటి బొటనవేలంత. అమ్మ పుట్టిల్లు నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన. పెళ్ళికి ముందు కూలిపని చేసుకుంటూనే రాత్రిబడికి పోయేదని అవ్వ చెప్పేది. అప్పట్లో ఆ జిల్లా అంతటా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. వాళ్ళ వాచకంలో తాగుబోతు భర్తతో అవస్థలు పడే సీతమ్మ కథ ఒక పాఠం. కలిగిరి మండలంలోనే ఉన్న దూబగుంట ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళో సారా కొట్టు మూయించిన సంగతి ఆ తర్వాత వచ్చిన పాఠం. 1992లో సారా ఉద్యమం ఊరూరా పాకింది. వేలంపాటలు జరక్కుండా ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది.

జూన్ పేజీల నుంచి అక్షరాలు పోయి పద్దులు మొదలవుతాయి. నూకలు, కిరసనాయిలు, చెక్కెర, కూలి డబ్బులు. ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్కకి జరిగాయి. అమ్మ మనసులో మాట ఒక్కటైనా ఉంటుందని వెతికాను, ఎక్కడా లేదు. కానీ చాలా పేజీల అడుగున ఒక సున్నా చుట్టి, దాని పక్కన డబ్బు మొత్తం వేసి ఉంది. కూలి పదిహేను వచ్చిన రోజున సున్నా పక్కన ఎనిమిది. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో కూలి పెరిగితే సున్నా పక్కన అంకె కూడా పెరిగింది. మిగిలిందాంట్లోనే నూకలూ నూనే.

ఇవి ఏ సంవత్సరం లెక్కలు? డైరీ 1991దే గానీ, అమ్మ పెళ్ళయి కందుకూరు వైపు మా ఊరికి వచ్చింది ఆ తర్వాతే కదా. దారి అమ్మే చూపించింది. అచ్చు వేసిన వారాన్ని కొట్టేసి, అసలు వారాన్ని పక్కన రాసుకుంది. అక్టోబర్ 1వ తేదీ పేజీలో ‘మంగళవారం’ మీద గీత, పక్కన ‘శుకరవారం’. ఏటా తేదీ ఒక వారం ముందుకు జరుగుతుంది, మధ్యలో లీపు ఫిబ్రవరి పడితే రెండు వారాలు. 1991లో మంగళవారమైతే 1992లో గురువారం, 1993లో శుక్రవారం. ఆ పేజీలో పద్దు లేదు, ‘సారా కొటు మూసారు’ అని మాత్రం ఉంది.

లెక్క సరిపోయింది. నెల్లూరు జిల్లాలో కొన్ని నెలల ముందే అమలైన సారా నిషేధం, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటికీ వచ్చింది. అప్పుడు మా ఊరు ప్రకాశం జిల్లాలో ఉండేది కాబట్టి మాకు ఆరోజే మూశారు.

ఆ తర్వాత కొన్ని పేజీల్లో సున్నాలు లేవు. నూకల బదులు బియ్యం అని ఉంది. ఒకచోట ‘గాజులు’. దీపావళి దాటాక మాత్రం సున్నా మళ్ళీ కనబడింది, ఈసారి నడుమ చుక్కతో. పక్కన అంకె మునుపటికంటే పెద్దది. నిషేధించింది సారానే. బ్రాందీ షాపులు తెరిచే ఉన్నాయి, మందు ఇంకా ఖరీదు. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరి 16న గానీ రాలేదు, అదీ 1997లో సడలిపోయింది. డిసెంబర్ పేజీలు అయిపోయాక 1994 లెక్కల్ని అమ్మ పాత పేజీల అడుగున, వేరే సిరాతో ఇరికించి రాసింది. వాటిల్లో చుక్క సున్నాలు పోనుపోను పలచబడి, ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో డైరీ చెప్పదు.

నాయనకి తెలియకుండా అమ్మ పెట్టుకున్న రహస్య గుర్తులనుకున్నాను వాటిని. తన తాగుడు లెక్క నేను చదివానని తెలిస్తే ఆయన తల ఎత్తుకోలేడని భయం కూడా.

ఒకరోజు నాయన పెందలాడే ఇంటికొచ్చాడు. డైరీ నా ఒళ్ళోనే ఉంది. కోప్పడలేదు. పక్కన కూర్చుని, పేజీ తిప్పి, ఒక సున్నా మీద వేలు పెట్టాడు.

“ఇది నేనే గదా మే?”

“అమ్మ దాచిపెట్టలేదా నాయనా?”

“దాచేదేంది? రోజూ రాత్రి అన్నం పెట్టేముందు నా ముందర పెట్టేది. పలకా బలపం పట్టనోణ్ణి, అక్షరం రాస్తే నాకేం తెలుస్తది? సున్నా అయితే తెలుస్తది గదా. నాకు తెలవాలనే అది పెట్టింది.”