పైన వేడి, అడుగున చల్లన

వంద మంది ఉండే హాస్టల్‌లో తలకు 25 లీటర్ల స్నానపు నీళ్లు, 40 డిగ్రీల వేడితో కావాలనుకుందాం. చలికాలంలో కుళాయి నీరు 20 డిగ్రీలు, ట్యాంకులోది 60 అయితే సగానికి సగం కలిపితే సరి. అంటే 1,250 లీటర్ల వేడినీళ్లు. కాస్త మిగులుతో 1,500 లీటర్ల ట్యాంకు చాలు.

అసలు చిక్కు కరెంటు హీటర్ దగ్గరే.

వేడినీరు తేలిక కనుక పైకి చేరుతుంది, చన్నీరు అడుగున ఉంటుంది. హీటర్ రాడ్‌ను అడుగున బిగిస్తే రాత్రే ట్యాంకంతా కాగుతుంది, తెల్లారాక ఎండకు పనే మిగలదు. అందుకే రాడ్‌నూ థర్మోస్టాట్‌నూ పై మూడో వంతులో పెట్టి, తెల్లవారుజామున మాత్రమే టైమర్‌తో నడపాలి. అప్పుడు మబ్బురోజున కాగేది పై 500 లీటర్లే. దానికి సుమారు 23 యూనిట్లు.

చన్నీరు జోరుగా లోపలికి దూకినా పొరలు కలిసిపోతాయి. సగం మంది స్నానాలు కాకముందే నీళ్లు క్రమంగా గోరువెచ్చనైతే అనుమానించాల్సింది ఆ పైపునే.