ప్లేట్‌లెట్లు ఏడు లక్షలా? ముందు ఐరన్ చూడండి

డెంగీ వల్ల ప్లేట్‌లెట్లు తగ్గితే భయపడటం మనకు తెలుసు. పెరిగితే ఏం చేయాలో చాలామందికి తెలియదు. 1.5 నుంచి 4.5 లక్షల మధ్య ఉండాల్సిన అంకె 7 లక్షలు దాటిందంటే, ఫోన్‌లో వెతికిన గంటలోనే బ్లడ్ క్యాన్సర్ భయం ఇంట్లోకి వస్తుంది.

ఉదాహరణకు ఒక కేసు తీసుకుందాం. ఆమెకు 38 ఏళ్లు. నెలసరిలో ఎక్కువ రక్తం పోతోంది, మెట్లెక్కితే ఆయాసం. సీబీపీలో ప్లేట్‌లెట్లు 7.2 లక్షలు. అందరి చూపూ అక్కడే ఆగింది. అదే కాగితంలో హిమోగ్లోబిన్ 8.4 ఉంది, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 68కి పడిపోయింది. డాక్టరు ఫెరిటిన్ రాశారు, 6 వచ్చింది. శరీరంలో ఐరన్ నిల్వలు అడుగంటాయి. ఐరన్ తగ్గినప్పుడు ఎముక మజ్జ ప్లేట్‌లెట్లను ఎక్కువగా తయారుచేయడం మామూలే. ఇన్ఫెక్షన్‌లోనూ, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలూ ఇవి పెరుగుతాయి. కారణం పోతే అవీ దిగుతాయి.

ఎసెన్షియల్ త్రాంబోసైథీమియా వేరు. అందులో మజ్జలోని మూలకణమే మారిపోయి, అవసరం లేకపోయినా ప్లేట్‌లెట్లను తయారుచేస్తూ ఉంటుంది. సగానికి పైగా రోగుల్లో జాక్‌2 జన్యువులో మార్పు ఉంటుంది. మిగిలినవారిలో ఎక్కువమందికి కాల్‌ఆర్, కొద్దిమందికి ఎంపీఎల్ జన్యువుల్లో. ఏ మార్పూ దొరకనివారూ ఉంటారు కాబట్టి, పరీక్ష నెగెటివ్ రాగానే జబ్బు లేదని తేల్చలేం. అప్పుడు మజ్జ పరీక్ష కావాలి. ఈ జబ్బులో అసలు భయం రక్తం గడ్డకట్టడం, అంటే పక్షవాతం, గుండెపోటు.

ఆ భయంతోనే కొందరు సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెడతారు. దయచేసి అలా చేయవద్దు. మన ఉదాహరణలోని ఆమెకు దానివల్ల నెలసరి రక్తస్రావం ఇంకా పెరుగుతుంది, ఐరన్ ఇంకా తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు 10 లక్షలు దాటినవారిలో రక్తస్రావాన్ని ఆపే ఒక ప్రొటీన్ తరిగిపోవచ్చు. వాళ్లకు ఆస్పిరిన్ మరింత ప్రమాదం.

ఆమెకు ఐరన్ మాత్రలు ఇచ్చి, గైనకాలజిస్టు దగ్గరికి పంపారు. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 11.8, ప్లేట్‌లెట్లు 3.9 లక్షలు. జన్యుపరీక్ష అవసరమే రాలేదు.

ఫెరిటిన్‌తో ఒక చిక్కుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఐరన్ లేకపోయినా అది మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి సీఆర్‌పీ కూడా చూసి, జ్వరం తగ్గాక మళ్లీ చేయించాలి.

ఐరన్ నిండాక కూడా ప్లేట్‌లెట్లు నెలల తరబడి దిగకపోతే, లేదా ప్లీహం పెరిగినా, ఇదివరకు ఎక్కడైనా గడ్డ కట్టినా, హెమటాలజిస్టును కలవాలి. ఐరన్ వాడుతున్నప్పుడు చేసే సీబీపీలో హిమోగ్లోబిన్‌నూ గమనించండి. కొందరిలో అది మామూలు స్థాయి దగ్గర ఆగదు, మహిళల్లో 16 కూడా దాటిపోతుంది. ఎర్రకణాలు మితిమీరే పాలీసైథీమియా వీరా అనే జబ్బును ఐరన్ లోపం అంతకాలం కప్పిపెట్టి ఉంచవచ్చు. జాక్‌2 పరీక్ష అప్పుడు తప్పనిసరి.